ఒకే డెల్టా, రెండు గామాలు: ఎక్స్‌పైరీ దగ్గరపడేకొద్దీ ఏం మారుతుంది

నిఫ్టీ 25,000 దగ్గర ఉంది. బుధవారం ఉదయం మార్కెట్ తెరవగానే వచ్చే మంగళవారం ఎక్స్‌పైరీ ఉన్న 25,000 కాల్ ఆప్షన్ చెయిన్‌లో 0.50 డెల్టా చూపిస్తుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు నిఫ్టీ మళ్లీ 25,000 దగ్గరే ఉందనుకుందాం. అదే కాల్, అదే స్ట్రైక్, డెల్టా కూడా అదే 0.50. స్క్రీన్ మీద డెల్టా ఒక్కటే చూసేవారికి ఈ రెండింటికీ తేడా కనిపించదు. కానీ నిఫ్టీ ఒక్క 100 పాయింట్లు కదిలితే చాలు, ఇవి రెండూ వేర్వేరు వస్తువులని తెలిసిపోతుంది. ఆ తేడాను చెప్పేది గామా.

ముందు డెల్టా సంగతి. నిఫ్టీ ఒక పాయింటు పెరిగితే ఆప్షన్ ప్రీమియం ఎన్ని రూపాయలు పెరుగుతుందో డెల్టా చెబుతుంది, మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయనుకుంటే. కాల్‌కు ఇది 0 నుంచి 1 దాకా ఉంటుంది, పుట్‌కు 0 నుంచి మైనస్ 1 దాకా. స్ట్రైక్‌కు చాలా పైన నిఫ్టీ ఉంటే కాల్ దాదాపు ఫ్యూచర్స్‌లాగే కదులుతుంది, డెల్టా 1కి దగ్గరగా ఉంటుంది. చాలా కింద ఉంటే కదలనే కదలదు. స్ట్రైక్ దగ్గరే ఉంటే సగం సగం. డెల్టాను చాలామంది 'ఐటీఎంలో ముగిసే అవకాశం' అని, అంటే కాల్‌కైతే నిఫ్టీ స్ట్రైక్‌కు పైన ముగిసే అవకాశంగా కూడా చదువుతారు. వారం రోజుల ఆప్షన్లకు ఆ చదువు పెద్దగా తప్పు పోదు గానీ, ఏడాది పైబడిన ఆప్షన్లలోనూ ఐవీ, అంటే ప్రీమియంలో దాగిన ఏడాది కదలిక అంచనా, బాగా ఎక్కువున్న షేర్లలోనూ రెండు అంకెలూ విడిపోతాయి. డెల్టా అసలు పని అవకాశాన్ని చెప్పడం కాదు. ఒక ఆప్షన్ ఈ క్షణంలో ఎంత ఫ్యూచర్స్‌తో సమానమో చెప్పడం.

'ఈ క్షణంలో' అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంది. నిఫ్టీ కదలగానే డెల్టా కూడా కదులుతుంది. ఒక పాయింటు కదలికకు డెల్టా ఎంత మారుతుందో ఆ కొలతే గామా. కొన్నవారికి, కాల్ అయినా పుట్ అయినా, గామా ఎప్పుడూ ప్లస్‌లోనే ఉంటుంది. అమ్మినవారికి ఎప్పుడూ మైనస్‌లోనే. ఒకే స్ట్రైక్, ఒకే ఎక్స్‌పైరీ ఉన్న కాల్‌కూ పుట్‌కూ గామా ఒక్కటే. ఎందుకంటే ఒక కాల్ కొని అదే స్ట్రైక్ పుట్ అమ్మితే మిగిలేది ఫ్యూచర్స్ లాంటి పొజిషన్, దాని డెల్టా ఎటు కదిలినా మారదు.

ఇప్పుడు అంకెలు. ఐవీ 12 శాతం అనుకుందాం. కాలాన్ని ట్రేడింగ్ రోజుల్లోనే లెక్కిద్దాం, ఏడాదికి 252 రోజులు, రోజుకు ఆరుంబావు గంటలు. వడ్డీనీ, ఫ్యూచర్స్‌కూ స్పాట్‌కూ ఉండే తేడానూ పక్కన పెడదాం. ఈ లెక్కన నిఫ్టీ ఒక రోజులో సాధారణంగా 189 పాయింట్ల వరకు అటో ఇటో కదులుతుందని మార్కెట్ అనుకుంటున్నట్టు. బుధవారం ఉదయానికి చేతిలో ఐదు పూర్తి ట్రేడింగ్ రోజులున్నాయి కాబట్టి ఎక్స్‌పైరీ నాటికి ఆ కదలిక దాదాపు 423 పాయింట్లు. 25,000 కాల్ ప్రీమియం 169 రూపాయల దగ్గర వస్తుంది. గామా 0.00094. అంకె మరీ చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి 100 పాయింట్లకు మార్చి చదవడం తేలిక: నిఫ్టీ 100 పెరిగితే డెల్టా 0.50 నుంచి సుమారు 0.59కి చేరుతుంది.

ఈ 100 పాయింట్లకు ప్రీమియం ఎంత పెరగాలి? డెల్టా ఒక్కటే తీసుకుంటే 50 రూపాయలు. కానీ దారి పొడవునా డెల్టా 0.50 నుంచి 0.59కి పెరుగుతూ వచ్చింది కాబట్టి సగటు డెల్టా 0.547 వేసుకోవాలి. అంటే 54.7 రూపాయలు. మోడల్‌తో మొత్తం ధర మళ్లీ లెక్కించినా ఇదే అంకె వస్తుంది. 100 పాయింట్లు పడితే తగ్గేది 50 కాదు, 45 చిల్లర. పడేటప్పుడు డెల్టా కూడా తగ్గుతూ పోవడమే కారణం. ఈ లెక్కను ఒక్క వరుసలో ఇలా రాస్తారు:

```
ΔP ≈ Delta × ΔS + ½ × Gamma × (ΔS)²
```

రెండో పదంలో ΔS వర్గం ఉండటం గమనించాలి. కదలిక పైకైనా కిందికైనా ఆ పదం కొన్నవారికి లాభమే, అమ్మినవారికి నష్టమే. పైగా కదలిక రెండింతలైతే ఈ భాగం నాలుగింతలవుతుంది.

అదే కాల్ మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు ఎలా ఉంటుంది? మిగిలింది ఒక్క గంట. గంటలో ఊహించే కదలిక దాదాపు 76 పాయింట్లు. ప్రీమియం 30 రూపాయలు. డెల్టా 0.50 చెక్కుచెదరలేదు. గామా మాత్రం 0.0053 అయింది, బుధవారం నాటికన్నా ఐదున్నర రెట్లు. నిఫ్టీ 25,100కి వెళితే డెల్టా 0.91కి ఎగబాకుతుంది, ప్రీమియం 30 నుంచి 103కి వస్తుంది. 100 పాయింట్లు పడితే ఆ 30లో మిగిలేది మూడు రూపాయలు. అంటే పైకి 73 లాభం, కిందికి 27 నష్టం. ఐదు రోజులున్నప్పుడు ఇదే తేడా 55కూ 45కూ మధ్య ఉండేది.

కారణం వెతకడానికి ఫార్ములా అక్కర్లేదు. ఎక్స్‌పైరీ నాటికి కాల్ డెల్టా 0 గానో 1 గానో తేలిపోవాలి, మధ్యలో ఉండే వీల్లేదు. ఐదు రోజులున్నప్పుడు 0 నుంచి 1కి ఎక్కే ఆ వాలు 25,000కు అటూ ఇటూ వందల పాయింట్ల మేర పరుచుకుని ఉంటుంది. గంట మిగిలినప్పుడు అదే ఎత్తును చాలా తక్కువ దూరంలో ఎక్కాలి, కాబట్టి వాలు నిటారవుతుంది. ఆ వాలే గామా. స్ట్రైక్ దగ్గర గామా, మిగిలిన కాలపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. కాలం నాలుగో వంతుకు తగ్గితే గామా రెట్టింపవుతుంది. ఐవీ తగ్గినా ఇదే జరుగుతుంది. మార్కెట్ ప్రశాంతంగా, ఐవీ 9 శాతం దగ్గర ఉన్న రోజుల్లో ఏటీఎం గామా, అంటే స్ట్రైక్ దగ్గరి గామా, 12 శాతం నాటికన్నా మూడో వంతు ఎక్కువ. ప్రశాంతంగా కనిపించే రోజే అమ్మినవారి పొజిషన్ ఎక్కువ నిటారుగా ఉంటుందన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు.

ఇక ఇదంతా చేతి నుంచి డబ్బు కదిలే చోట చూద్దాం. ఒకరు 25,000 కాల్‌ను 20 లాట్లు అమ్మారు. 2026 జనవరి నుంచి నిఫ్టీ లాట్ 65, కాబట్టి మొత్తం 1,300. డెల్టా 0.50 కనుక 10 లాట్ల ఫ్యూచర్స్ కొని హెడ్జ్ చేశారు. ఇప్పుడు నిఫ్టీ కాస్త పెరిగినా తగ్గినా ఒకవైపు నష్టాన్ని మరోవైపు లాభం పూడుస్తుంది. దీన్నే డెల్టా న్యూట్రల్ అంటారు. ఆ మాట వినడానికి నిశ్చింతగా ఉంటుంది గానీ, ఎంతసేపు న్యూట్రల్ అన్నది గామా చెప్పాలి.

బుధవారం ఇలా పెట్టుకుంటే, నిఫ్టీ 100 పెరిగినప్పుడు ఆప్షన్ల వైపు డెల్టా దాదాపు 12 లాట్లకు సమానమవుతుంది. మరో రెండు లాట్ల ఫ్యూచర్స్ కొంటే చాలు. ఆ తర్వాత నిఫ్టీ మళ్లీ 25,000కి దిగితే ఆ రెండు లాట్లూ అమ్మాలి. 25,100లో కొని 25,000లో అమ్మినందుకు పోయేది 13,000 రూపాయలు. అమ్మినప్పుడు వచ్చిన ప్రీమియం 2 లక్షల 19 వేలు కాబట్టి తట్టుకోవచ్చు.

మంగళవారం రెండున్నరకు ఇదే పొజిషన్ కొత్తగా పెట్టినవారికి వచ్చే ప్రీమియం 39 వేలు మాత్రమే. నిఫ్టీ 100 పెరగగానే డెల్టా 0.91, అంటే 18 లాట్ల ఫ్యూచర్స్ కావాలి, ఎనిమిది కొత్తగా కొనాలి. సూచీ వెంటనే 25,000కి దిగివస్తే ఆ ఎనిమిదీ అమ్మాలి. నష్టం 52,000 రూపాయలు. ఒక్కసారి ఎక్కి దిగినందుకు, గంట మొత్తానికి వచ్చే ప్రీమియం కన్నా ఎక్కువ పోయింది. నిఫ్టీ మొదలైన చోటే ఆగింది, కాల్‌లో ఎవరికీ పెద్దగా లాభం రాలేదు, అయినా హెడ్జ్ చేసినవారు నష్టపోయారు. హెడ్జ్ చేయకుండా కూర్చున్నవారు ఈ దారిలో బయటపడేవారే, కానీ నిఫ్టీ దిగకుండా 25,300కి పోయి ఉంటే వారి నష్టం మూడున్నర లక్షలు. ప్రతి పది పాయింట్లకూ హెడ్జ్ సరిచేస్తే ఒక్కోసారి పోయేది కొద్దిగానే ఉంటుంది, అయితే సరిచేసే సార్లు పెరుగుతాయి, బ్రోకరేజీ, ఎస్‌టీటీ, కొనుగోలు అమ్మకం ధరల మధ్య తేడా అన్నీ కలిసి తినేస్తాయి. ఇందులో సరైన జవాబు ఒక్కటే ఉండదు. గామా మైనస్‌లో ఉన్నవారు ఎప్పుడూ పెరిగాక కొనాలి, పడ్డాక అమ్మాలి. ఎంత దూరం ఆగి ఆ పని చేస్తారన్నదే వారి చేతిలో ఉన్నది.

మరి ఈ బాధ తెలిసీ అమ్మేవారు ఎందుకు అమ్ముతారు? కాలం గడుస్తున్నకొద్దీ ప్రీమియం కరుగుతుంది కాబట్టి. ఈ కరుగుదలను థీటా అంటారు. థీటా అమ్మినవారికి దక్కే బోనస్ లాంటిదని ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది, అది సరికాదు. థీటా గామాకు కట్టే ధర. బుధవారం కాల్‌లో రోజుకు కరిగేది సుమారు 17 రూపాయలు. డెల్టాను హెడ్జ్ చేసుకున్న కొనుగోలుదారుకు 100 పాయింట్ల కదలిక గామా వల్ల ఇచ్చేది 4.7 రూపాయలే, అంటే ఆ రోజు నష్టం. 17 రావాలంటే ఎన్ని పాయింట్లు కదలాలి? లెక్క వేస్తే 189 వస్తుంది. 12 శాతం ఐవీ చెప్పే రోజువారీ కదలిక కూడా సరిగ్గా అదే 189. ఇది కాకతాళీయం కాదు, మోడల్ కట్టిందే అలా. ఎక్స్‌పైరీకి ఐదు రోజులున్నా ఒక రోజున్నా ఈ బ్రేక్ఈవెన్ మారదు. గామా పెరిగితే థీటా కూడా అదే పాళ్లలో పెరుగుతుంది. కాబట్టి ఎక్స్‌పైరీ రోజు ప్రీమియం వేగంగా కరుగుతుంది కనుక అమ్మడం లాభమన్న వాదనలో సగమే ఉంది. నిఫ్టీ అసలు కదలిక ఐవీ చెప్పినదానికన్నా తక్కువగా ఉంటేనే అమ్మినవారు గెలుస్తారు, ఎక్కువగా ఉంటే కొన్నవారు. థీటా ఎంత పెద్దదన్నదానితో గెలుపోటములకు సంబంధం లేదు.

గామా కూడా స్థిరమైన అంకె కాదని మరచిపోతే వేరే రకం పొరపాటు జరుగుతుంది. మంగళవారం రెండున్నర నాటి కాల్‌కు 0.0053 గామా పట్టుకుని 200 పాయింట్ల కదలిక లెక్కిస్తే, ఫార్ములా ప్రకారం ప్రీమియం 206 రూపాయలు పెరగాలి. నిజానికి పెరిగేది 170. తప్పు ఎక్కడుందో డెల్టా చూస్తే తెలుస్తుంది. 0.50కి 200 ఇంటూ 0.0053 కలిపితే డెల్టా 1.56 అవుతుంది, కాల్ డెల్టా 1 దాటడం అసాధ్యం. నిఫ్టీ స్ట్రైక్ నుంచి దూరమయ్యేకొద్దీ గామా పడిపోతుంది, 25,100 దగ్గరే అది 0.0022కి తగ్గింది. ఏ కదలికకైనా ఈ ఫార్ములా వాడేముందు డెల్టా 0, 1 గీతలు దాటుతోందా అని చూసుకోవడం మంచి పరీక్ష. దాటితే ఆ జవాబు పక్కన పెట్టి, కొత్త స్పాట్ దగ్గర మొత్తం ధరను మళ్లీ లెక్కించాలి.

నిఫ్టీ ఇంకా స్ట్రైక్ దాటని దూరపు ఓటీఎం కాల్స్‌లో తప్పు దీనికి ఎదురువైపు జరుగుతుంది. అదే సమయానికి 25,200 కాల్ తీసుకోండి. మోడల్ ధర 10 పైసలు, డెల్టా 0.004, చాలా స్క్రీన్ల మీద 0.00 అనే కనిపిస్తుంది. గామా కూడా చిన్నదే. నిఫ్టీ 150 పాయింట్లు ఎగిరితే డెల్టా, గామా కలిపి చెప్పే పెరుగుదల రెండున్నర రూపాయల లోపే. మోడల్ మొత్తం మళ్లీ లెక్కిస్తే ధర పదకొండున్నర. పొజిషన్ స్ట్రైక్ దగ్గరికి వస్తున్నకొద్దీ గామా లేచి నిలబడింది, మొదట్లో చూసిన గామాకు ఆ సంగతి తెలియదు. మన ట్రేడర్లు 'హీరో జీరో' అని పిలిచే ఎక్స్‌పైరీ మధ్యాహ్నపు పందెం బతికేది సరిగ్గా ఈ ఖాళీలోనే. అయితే మార్కెట్‌లో ఆ కాల్ 10 పైసలకు దొరకదు, రూపాయో రెండు రూపాయలో పలుకుతుంది. అమ్మేవారు ఆ ఖాళీని ఎరిగే ఉంటారు. సున్నా డెల్టా కదా అని అలాంటివి వందల లాట్లు అమ్మినవారికి మాత్రం ఆ సున్నాలన్నీ ఒకేసారి అంకెలుగా మారతాయి.

నియంత్రణ నిబంధనలు కూడా ఈ రెండు కొలతల చుట్టూనే తిరుగుతున్నాయి. 2024 నవంబర్ 20 నుంచి ఎక్స్‌పైరీ రోజు అమ్మిన సూచీ ఆప్షన్ల మీద సెబీ అదనంగా 2 శాతం మార్జిన్ విధించింది. 25,000 దగ్గర ఒక నిఫ్టీ లాట్ విలువ 16 లక్షల 25 వేలు కనుక లాట్‌కు 32,500 రూపాయలు. ఆ రోజునే ఎందుకంటే, పైన చూసిన గామా ఆ రోజునే. 2025 మేలో సెబీ మరో అడుగు వేసి సూచీ ఆప్షన్ల పొజిషన్లను డెల్టా ఆధారంగా, ఫ్యూచర్స్‌కు ఎంత సమానమో ఆ లెక్కన కొలవమంది. రోజు ముగిసేసరికి ఒక్కొక్కరి నికర పొజిషన్ 1,500 కోట్లు దాటకూడదు. డెల్టా 0.05 ఉన్న 100 లాట్లు ఇప్పుడు ఐదు లాట్లతో సమానం. లాట్ల పూర్తి విలువను కూడే పాత నోషనల్ లెక్క కన్నా ఇది చాలా నయం, పనికిరాని ఓటీఎం ఆప్షన్లు అంకెను ఉబ్బించే అవకాశం పోయింది. దీని బలహీనత కూడా డెల్టాలోనే ఉంది: ఉదయం ఐదు లాట్లుగా కనిపించిన పొజిషన్ మధ్యాహ్నానికి యాభై కావచ్చు, ఎవరూ ఒక్క లాట్ కూడా కొత్తగా కొనకుండానే. రోజు మధ్యలో నికర పొజిషన్‌కు 5,000 కోట్ల పరిమితి పెట్టి, ఎక్స్ఛేంజీలు కొన్ని సమయాల్లో తనిఖీ చేసేలా 2025 అక్టోబర్ నుంచి అమలు చేసిన ఏర్పాటు ఈ ఖాళీని కొంత పూడుస్తుంది.

చివరి అరగంటకు పైన చెప్పిన లెక్క అలాగే సరిపోదు. నిఫ్టీ ఆప్షన్లు సెటిల్ అయ్యేది మూడున్నరకు స్క్రీన్ మీద కనిపించిన ఆఖరి అంకెతో కాదు, సూచీ ముగింపు విలువతో. దాన్ని చాలా ఏళ్లుగా సూచీలోని షేర్ల చివరి అరగంట వాల్యూమ్ ఆధారిత సగటు ధరల నుంచి లెక్కిస్తూ వచ్చారు, కింది అంకెలు ఆ పద్ధతికే వర్తిస్తాయి. మూడు దాటిందంటే సగటులో ఒక భాగం గడ్డకట్టడం మొదలైనట్టే. మూడుంబావుకు సగం అయిపోయింది, ఇప్పుడు నిఫ్టీ 100 ఎగిరి అక్కడే నిలిచినా సగటు కదిలేది 50. అంటే ఎంత లోతు ఐటీఎం కాల్‌కైనా స్పాట్‌తో డెల్టా 0.5 దాటదు. మామూలు ఫార్ములా మూడు గంటల 27 నిమిషాలకు ఏటీఎం గామా 0.024 అని చూపిస్తుంది. సగటును లెక్కలోకి తీసుకుంటే అది 0.004 దగ్గరే ఉంటుంది, అక్కడి నుంచి ఇంకా పడిపోతుంది. ఆ మూడు నిమిషాల్లో స్పాట్ చూసి ఏటీఎం ఏదో నిర్ణయించడం కూడా తప్పే. మూడు నుంచి 3:27 దాకా సగటు 24,950 ఉండి స్పాట్ ఇప్పుడు 25,030కి వచ్చిందనుకుంటే, వాల్యూమ్ అరగంటంతా సమానంగా పడిందన్న లెక్కన ముగింపు 24,958 దగ్గర తేలుతుంది. స్క్రీన్ మీద 30 రూపాయల ఐటీఎంలా కనిపించే 25,000 కాల్‌కు చివరికి వచ్చేది ఏమీ ఉండదు.